రెండో అంతస్తులోకి కొత్తగా వచ్చిన కుటుంబానికి

నల్లకుంట, హైదరాబాద్
జూన్ 1

నమస్కారం.

మా ఇంటి రెండో అంతస్తు పోర్షన్‌లోకి మీరు వచ్చినందుకు సంతోషం. అద్దె, అడ్వాన్సు, ఖాళీ చేసే ముందు చెప్పవలసిన గడువు అగ్రిమెంటులో ఉన్నాయి కనుక వాటిని ఇక్కడ మళ్లీ రాయడం లేదు. ఈ ఇంట్లో మూడు కుటుంబాలకు కలిపి ఒకే సంపు, ఒకే మోటారు, ఒకే మెట్లు, ఒకే గేటు ఉన్నాయి. ఇన్నేళ్లలో ఇక్కడ మాటా మాటా పెరిగిన సందర్భాలు దాదాపు అన్నీ నీళ్ల దగ్గరో చెత్త దగ్గరో మొదలైనవే కాబట్టి, ఆ రెండింటి గురించి కాస్త వివరంగా, మిగతావాటి గురించి క్లుప్తంగా రాస్తున్నాము.

నల్లా నీళ్లు రోజు విడిచి రోజు, తెల్లవారుజామున వస్తాయి. అవి నేరుగా సంపులో పడతాయి. అక్కడి నుంచి మోటారుతో పైన ట్యాంకుకు ఎక్కించాలి. మోటారు స్విచ్ మెట్ల కింద, మీటర్ల పక్కన ఉంది. ఉదయం ఆరున్నరకు మేమే వేసి, ట్యాంకు నిండగానే ఆపుతాము. మధ్యలో నీళ్లు అయిపోయి మీరు వేయవలసి వస్తే నిరభ్యంతరంగా వేయవచ్చు, కాని వేసినవారే ఆపాలన్నది ఈ ఇంట్లో అందరూ పాటిస్తున్న నియమం. మోటారు వేసి బజారుకు వెళ్లిపోతే ట్యాంకు పొంగి ఆ నీళ్లు పక్కింటివారి వంటగది గోడ మీదుగా కారతాయి, వారు గేటు దగ్గరికి వచ్చి అడిగేది మమ్మల్ని. సంపులో నీళ్లు జానెడు లోతుకు తగ్గినప్పుడు మోటారు వేయకండి, కాలిపోతుంది. తాగడానికి, వంటకు సంపు దగ్గరి కుళాయి నుంచి నల్లా నీళ్లు పట్టుకోవచ్చు. వేసవిలో బోరు నీళ్లు కూడా కలుస్తాయి కనుక, ఆ రోజుల్లో పైన ట్యాంకు నీళ్లను తాగడానికి వాడకపోవడం మంచిది.

ఇక చెత్త సంగతి. స్వచ్ఛ ఆటో సోమవారం నుంచి శనివారం వరకు ఉదయం ఏడు, ఏడున్నర మధ్య మన సందు మొదట్లో ఆగుతుంది. పాట వినబడగానే డబ్బాలు పట్టుకుని కిందికి రావాలి, ఎందుకంటే వారు మేడ మీదికి రారు, ఎక్కువసేపు ఆగరు కూడా. ముందురోజు రాత్రే గేటు బయట సంచి పెడితే తెల్లారేసరికి కుక్కలు చింపి సందంతా పరుస్తాయి కాబట్టి, దయచేసి ఆ అలవాటు వద్దు. కూరగాయల తొక్కలు, మిగిలిన అన్నం, టీ పొడి వంటి తడి చెత్త ఆకుపచ్చ డబ్బాలోనూ, పాల కవర్లు, అట్టపెట్టెలు, సీసాలు, ప్లాస్టిక్ వంటి పొడి చెత్త నీలం డబ్బాలోనూ వేయాలి. రెండు డబ్బాలూ మీ వంటగది గట్టు కింద ఉంచాము. శానిటరీ ప్యాడ్లు, పిల్లల డైపర్లు, వాడేసిన బ్లేడ్లు, పగిలిన గాజు విడిగా వార్తాపత్రికలో చుట్టి, పైన ఎర్ర స్కెచ్‌పెన్నుతో గీత గీసి చేతికే ఇవ్వండి. ఆటోలో చెత్త వేరు చేసేది చేతులతోనే. ఇందుకు నెలకు పోర్షనుకు 100 రూపాయలు, ఐదో తారీకులోపు మాకు ఇస్తే మూడు పోర్షన్లవీ కలిపి మేమే ఇస్తాము.

ఆదివారం ఆటో రాదు. ఇంట్లో ఏం వండుకోవాలన్నది పూర్తిగా మీ ఇష్టం, దాని మీద మాకెలాంటి ఆంక్షా లేదు. అయితే మాంసం, చేపలు తెచ్చుకునేది సాధారణంగా ఆ రోజే కాబట్టి, ఎముకలు, పొలుసు గట్టిగా ముడివేసిన కవరులో పెట్టి సోమవారం ఉదయం దాకా ఫ్రిజ్ పై అరలోనే ఉంచండి. మూత సరిగా పడని డబ్బాలో వదిలితే పిల్లులు వచ్చేది మీ ఒక్క గుమ్మం దగ్గరికే కాదు. పూజకు వాడిన పువ్వులను చెత్తలో వేయడం ఇష్టం లేకపోతే పెరట్లో కొబ్బరిచెట్టు పాదులో వేయవచ్చు, దారాలు తీసేసి మాత్రమే. వేపుడు చేసిన నూనెను సింకులో పారబోయకండి: గొట్టాలన్నీ ఒకే ఛాంబర్‌లో కలుస్తాయి, అది నిండితే మురుగు ముందు తన్నుకొచ్చేది కింది పోర్షన్‌లోకే.

మెట్లు మా పనిమనిషి సోమ, గురువారాలు తుడుస్తుంది. మెట్ల మీద చెప్పుల స్టాండు, సైకిలు పెట్టకండి. గేటుకు రాత్రి పదకొండుకు తాళం పడుతుంది. మీకు రెండు తాళంచెవులు ఇచ్చాము, ఆలస్యంగా వచ్చినవారు తిరిగి తాళం వేసి పైకి వెళ్లాలి. రెండు ద్విచక్ర వాహనాలకు లోపల చోటుంది, కారుకు లేదు. రాత్రి పది దాటాక టీవీ, పాటల శబ్దం తగ్గించండి. మేడ మీద బట్టలు, వడియాలు ఎవరైనా ఆరబెట్టుకోవచ్చు. గోడకు మేకు కొట్టే ముందు ఒక్క మాట చెప్పండి, హాలులో ఎడమ గోడ లోపల కరెంటు వైర్లు ఉన్నాయి.

అత్యవసర సమయంలో ఏ నంబరూ గుర్తురాకపోతే 112కు ఫోన్ చేయండి. పోలీసులకు 100, అగ్నిమాపక కేంద్రానికి 101, అంబులెన్సుకు 108, మహిళల సహాయానికి 181, కరెంటు ఫిర్యాదులకు 1912, గ్యాస్ లీకైతే 1906, నల్లా నీళ్లు, డ్రైనేజీ సమస్యలకు జలమండలి 155313. మా ఫోన్ నంబర్లు మీ దగ్గర ఉన్నాయి. మనకు అలవాటైన ప్లంబర్, ఎలక్ట్రీషియన్ నంబర్లు మీటర్ల పైన అంటించిన కాగితం మీద ఉన్నాయి.

అంబులెన్సు మన సందులోకి తిరగదు. ఫీవర్ ఆసుపత్రి గుర్తు చెప్పి, ఒకరు వెంటనే సందు మొదటికి ఎదురెళ్లాలి. ఆ పనికి రాత్రి ఎంత పొద్దుపోయినా మమ్మల్ని లేపడానికి మొహమాటపడవద్దు. గ్యాస్ వాసన వస్తే ఏ స్విచ్చూ ముట్టుకోకుండా, రెగ్యులేటర్ కట్టేసి, కిటికీలు తెరిచి, అందరూ కిందికి వచ్చాకే ఫోన్ చేయాలి. కుక్క కరిస్తే గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటి కింద పదిహేను నిమిషాలు కడిగి, అది చిన్న గీరుడే అనిపించినా ఫీవర్ ఆసుపత్రికి గానీ నారాయణగూడలోని ఐపీఎం అనే ప్రభుత్వ ఆరోగ్య సంస్థకు గానీ వెళ్లి టీకా వేయించుకోవాలి.

వానాకాలం దగ్గరపడింది కనుక ఇంకొక్క విషయం. గట్టి వాన పడితే మన వీధిలో మోకాలి లోతు నీళ్లు నిలుస్తాయి. అలాంటప్పుడు బండ్లను గేటు లోపలి ర్యాంపు మీదికి ఎక్కించండి, బయటి నీళ్లు సంపులోకి చేరాయేమో మేము చూసి చెప్పేవరకు మోటారు వేయకండి. మీటర్ల దాకా నీళ్లు వస్తే తడి చేతులతో మెయిన్ ముట్టుకోకుండా 1912కు చెప్పి, వీధి సరఫరానే ఆపించాలి.

వచ్చే ఆదివారం ఉదయం ట్యాంకు కడిగిస్తున్నాము. తొమ్మిది నుంచి పన్నెండు వరకు కుళాయిల్లో నీళ్లు రావు, ముందురోజు రాత్రే రెండు బకెట్లు పట్టి ఉంచుకోగలరు.

ఇట్లు,
కింది పోర్షన్ నుంచి, ఇంటి యజమానులు