కీ.శే. మల్లేశం గారి కుటుంబానికి పాఠశాల తరఫున సంతాప లేఖ

ప్రిన్సిపాల్ కార్యాలయం
తెలంగాణ ఆదర్శ పాఠశాల
జనగామ జిల్లా
తేదీ: 21 జనవరి 2026

గౌరవనీయులైన శ్రీమతి కవిత గారికి, పెద్దలు రాజయ్య గారికి, కుటుంబ సభ్యులందరికీ,

మా పదో తరగతి విద్యార్థిని శ్రావణికి, ఏడో తరగతి విద్యార్థి తేజకు తండ్రి అయిన మల్లేశం గారు ఈ నెల 18వ తేదీ ఆదివారం తెల్లవారుజామున గుండెపోటుతో మరణించారన్న వార్త మా పాఠశాలలో అందరినీ తీవ్ర దుఃఖానికి గురిచేసింది. ఉపాధ్యాయులు, సిబ్బంది, విద్యార్థులందరి తరఫున మీకు మా ప్రగాఢ సానుభూతిని తెలియజేస్తున్నాను. సోమవారం అంత్యక్రియలకు మేము కొందరం వచ్చాము గానీ, ఆ సమయంలో మీతో మాట్లాడటం సాధ్యం కాలేదు, మాట్లాడటం సబబు కూడా కాదనిపించింది. అప్పుడు చెప్పలేకపోయిన మాటలను ఈ లేఖలో రాస్తున్నాను.

ముందుగా ఒక మనవి. ఇంట్లో ఉత్తరాలు, కాగితాలు చదివి వినిపించేది శ్రావణి అని నాకు తెలుసు. ఈ ఒక్క లేఖను మాత్రం ఆమె చేత చదివించవద్దు. పిల్లల బాబాయి రమేశ్ గారు చదివి వినిపిస్తే బాగుంటుంది. పిల్లలిద్దరికీ వారి తరగతి ఉపాధ్యాయులు విడిగా ఉత్తరాలు రాశారు. వాటిని ఇదే కవరులో పెట్టాను. వాటిని ఎప్పుడు ఇవ్వాలో మీరే నిర్ణయించండి.

మల్లేశం గారు మాకు కేవలం ఒక విద్యార్థిని తండ్రిగా మాత్రమే తెలిసినవారు కారు. తల్లిదండ్రుల సమావేశం అంటే చాలామందికి మార్కుల కాగితం మీద సంతకం పెట్టి వెళ్లే పని. ఆయన మాత్రం ఆ రోజు పొలం పని మానుకొని వచ్చి, అందరూ వెళ్లేదాకా వెనుక వరుసలో కూర్చొని, ఆ తర్వాత ఒక్కొక్క ఉపాధ్యాయుడితో విడివిడిగా మాట్లాడేవారు. శ్రావణి ఆరో తరగతిలో చేరిన ఏడాది ఆయన నన్ను అడిగిన మొదటి ప్రశ్న నాకు ఇప్పటికీ గుర్తుంది. "మా పిల్లకు మార్కులెన్ని అని అడుగుత లేను మేడం, క్లాసుల లేచి నిలబడి మాట్లాడుతదా?" అని అడిగారు. అప్పట్లో శ్రావణి తరగతిలో నోరు తెరిచేది కాదు. ఆ మాటే నేను చెబితే ఆయన నొచ్చుకోలేదు. "అయితే గదే నేర్పుండ్రి" అన్నారు. ఇన్నేళ్ల నా ఉద్యోగంలో ఒక తండ్రి తన కూతురి గురించి అడిగిన ఇంత మంచి ప్రశ్న మరొకటి నేను వినలేదు.

నిరుడు వైజ్ఞానిక ప్రదర్శనకు శ్రావణి పారేసిన ప్లాస్టిక్ గొట్టాలతో బిందు సేద్యం నమూనా తయారు చేసినప్పుడు, దానికి కావలసిన మట్టిని, పత్తి మొక్కలను మీ చేను నుంచి ఆయనే తెచ్చి పెట్టారు. జిల్లా స్థాయికి ఎంపికైన రోజున ఆ నమూనా చెదిరిపోకుండా ఆటోలో ఒడిలో పెట్టుకొని జనగామ దాకా తీసుకువచ్చారు. అక్కడ న్యాయనిర్ణేతలు ప్రశ్నలు అడుగుతుంటే ఆయన గుమ్మం బయటే నిలబడ్డారు. లోపలికి రమ్మని పిలిస్తే, "నేను ఎదురుగ ఉంటే నా దిక్కు చూస్తది, సొంతంగ చెప్పనీయుండ్రి" అన్నారు. శ్రావణి ఆ రోజు తడబడకుండా సమాధానాలు చెప్పింది. ఆయన కోరుకున్నది జరగడం ఆయన కళ్లారా చూశారు. ఈ సంగతి మీకు ఆయన చెప్పే ఉంటారు. అయినా, అది చూసిన మనిషిగా నేను కూడా మీకు చెప్పాలనుకున్నాను.

పాఠశాల వెనుక గోడ వెంట ఉన్న వేప మొక్కలు వానాకాలంలో ఆయన ట్రాక్టరు మీద తెచ్చి, పిల్లల చేత నాటించినవే. బోరు మోటారు చెడిపోయిన వేసవిలో ఎవరూ పిలవకుండానే వచ్చి బాగుచేసి, డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. ఇలాంటి సహాయాలు పాఠశాల దస్త్రాలలో ఎక్కడా రాసి ఉండవు. అందుకే మంగళవారం ఉదయం ప్రార్థన సమయంలో ఆయన చిత్రపటం ముందు రెండు నిమిషాలు మౌనం పాటించిన తర్వాత, ఆయన చేసిన పనులను పేరుపేరునా విద్యార్థులకు చెప్పాను.

ఇప్పుడు పిల్లల విషయం. మీ దుఃఖంలో చదువు గురించిన బెంగ కూడా కలవకూడదనే ఉద్దేశంతో ఈ సంగతులు కాస్త వివరంగా రాస్తున్నాను.

శ్రావణికి మార్చిలో పదో తరగతి పబ్లిక్ పరీక్షలు మొదలవుతాయి. వాటిని రాయడానికి అవసరమైన హాజరు 75 శాతం. ఆమెకు ఇప్పటివరకు ఉన్న హాజరు అంతకంటే చాలా ఎక్కువ కాబట్టి, కర్మకాండలు పూర్తయ్యేదాకా, ఆ తర్వాత కూడా ఆమె మనసు కుదుటపడేదాకా ఇంట్లో ఉన్నా పరీక్షకు ఏ ఆటంకమూ రాదు. పరీక్ష రుసుము ఇదివరకే చెల్లించాము, దరఖాస్తు కూడా వెళ్లిపోయింది. హాల్ టికెట్ మీద, రేపు వచ్చే మార్కుల మెమో మీద తండ్రి పేరు ఉండవలసిన చోట మల్లేశం గారి పేరు యథాతథంగా ఉంటుంది. దాన్ని మార్చవలసిన అవసరం గానీ, మీరు ఏ కాగితమూ తెచ్చి ఇవ్వవలసిన అవసరం గానీ లేదు. ఫిబ్రవరిలో జరిగే ప్రీ ఫైనల్ పరీక్షలు రాయగలిగితే మంచిదే, రాయలేకపోయినా ఎవరూ ఏమీ అనరు. ఈ రోజుల్లో జరిగిన పాఠాల నోట్సు ఆమె స్నేహితురాళ్లు వంతులవారీగా రాస్తున్నారు. ఆమె తిరిగి వచ్చిన తర్వాత గణితం, భౌతికశాస్త్రం ఉపాధ్యాయులు రోజూ సాయంత్రం ఒక గంట ఆమెతో విడిగా కూర్చుంటామని వారంతట వారే ముందుకు వచ్చారు.

చదువుకోవడానికి వీలుగా ఉంటుందని ఎవరైనా సలహా ఇస్తే, మా బాలికల వసతి గృహంలో ఆమెకు చోటు తప్పకుండా ఇస్తాము. కానీ నా అభిప్రాయం అడిగితే, ఈ రెండు నెలలు ఆమె రాత్రిపూట తల్లి దగ్గర ఉండటమే ఇద్దరికీ మేలు. ప్రత్యేక తరగతుల వల్ల సాయంత్రం ఆలస్యమైన రోజుల్లో ఆమెను మీ ఊరి వరకు దించే బాధ్యత మాది.

కవిత గారూ, ఇంటి బరువు ఒక్కసారిగా మీ మీద పడింది. పత్తి ఏరడానికి ఒక చేయి తోడవుతుందనో, పెళ్లి చేసి ఒక బాధ్యత తీర్చుకోవచ్చుననో బంధువులలో ఎవరైనా మంచి మనసుతోనే మాట ఎత్తవచ్చు. ఆ మాటకు ఇప్పుడే జవాబు చెప్పవలసిన అవసరం మీకు లేదు. పదో తరగతి తర్వాత ఇంటర్మీడియట్ కూడా మా పాఠశాలలోనే ఉంది. శ్రావణి వేరే ఊరు వెళ్లకుండా, మీ మీద ఫీజుల భారం పడకుండా ఇక్కడే చదువుకోవచ్చు. మల్లేశం గారు నన్ను అడిగిన ఆ ప్రశ్నను దృష్టిలో ఉంచుకొని, ఆమె చదువు మధ్యలో ఆపవద్దని మిమ్మల్ని, రాజయ్య గారిని చేతులు జోడించి వేడుకుంటున్నాను.

తేజ గురించి నాకు ఇంకా ఎక్కువ ఆందోళనగా ఉంది. పన్నెండేళ్ల పిల్లవాడు తండ్రికి తలకొరివి పెట్టడం నేను చూశాను. ఆ రోజు అతడు ఏడవలేదు. వచ్చినవారిలో చాలామంది అతడి భుజం మీద చేయి వేసి, "ఇక ఇంటికి పెద్దదిక్కువు నువ్వే" అన్నారు. ప్రేమతో అన్న మాటే అయినా ఆ వయసుకు అది మోయలేని మాట. ఇంటికి పెద్దదిక్కుగా తాతగారు ఉన్నారు, మీరు ఉన్నారు, బాబాయి ఉన్నారు అని వీలైనప్పుడల్లా అతడికి చెప్పండి. ఏడుపు వస్తే ఏడవనివ్వండి. నాన్న గురించి ఏది అడిగినా దాచకుండా చెప్పండి. పిల్లలు అడగడం మానేస్తే మరచిపోయారని మనం అనుకుంటాము, చాలాసార్లు అది నిజం కాదు.

అతడు గుండుతో బడికి వచ్చినప్పుడు తోటి పిల్లలు వింతగా చూస్తారేమోనన్న సంకోచం అతడికి ఉండవచ్చు. ఏడో తరగతి పిల్లలతో వారి తరగతి ఉపాధ్యాయురాలు ఇప్పటికే మాట్లాడారు. ఏం జరిగింది, ఎలా జరిగింది అని ఎవరూ అడగరు. అతడి పక్కన ఎప్పుడూ కూర్చునే స్నేహితుడే కూర్చుంటాడు. తరగతి మధ్యలో కూర్చోలేకపోతే చెప్పకుండానే లేచి నా గదికి వచ్చి కూర్చోవచ్చని అతడికి చెప్పండి. వచ్చే ఏడాది ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు జాతీయ ఉపకార వేతనం పరీక్ష రాయించే పని మేము చూసుకుంటాము. ఎంపికైతే తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ వరకు ఏడాదికి 12,000 రూపాయలు అతడి ఖాతాలోనే పడతాయి.

సంతాప లేఖలో కాగితాల ప్రస్తావన తేవడం తగదేమోనని సందేహించాను. అయితే ఆలస్యమైతే నష్టపోయేది మీరే కాబట్టి క్లుప్తంగా రాస్తున్నాను. మరణాన్ని 21 రోజుల లోపు గ్రామ పంచాయతీలో నమోదు చేయిస్తే రుసుము ఉండదు. ధ్రువపత్రం నకళ్లు నాలుగైదు తీసుకోండి. మల్లేశం గారి పేరున పట్టాదారు పాసుపుస్తకం ఉంది, ఆయన వయసు 41 ఏళ్లు. 18 నుంచి 59 ఏళ్ల మధ్య వయసుండి రైతు బీమాలో నమోదైన రైతు ఏ కారణంతో మరణించినా నామినీకి 5 లక్షల రూపాయలు అందుతాయి. ఆ కాగితాలను వ్యవసాయ విస్తరణ అధికారి, అంటే మీ ఊరికి వచ్చే ఏఈవో గారే తీసుకుంటారు. దీనికి మధ్యవర్తులు అక్కరలేదు, ఎవరికీ ఒక్క రూపాయి ఇవ్వనక్కరలేదు. భూమి ఫౌతి విషయంలోనూ, అప్పుల విషయంలోనూ రాజయ్య గారు, రమేశ్ గారు చదివి చూడకుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టవద్దు. దరఖాస్తులు రాయడానికి, కార్యాలయాలకు తోడు రావడానికి మా సీనియర్ అసిస్టెంట్ గారిని పంపుతాను. రమేశ్ గారు నా ఫోనుకు ఒక కబురు చేస్తే చాలు.

మా ఉపాధ్యాయులు, సిబ్బంది తమకు తోచినంత పోగుచేసిన మొత్తాన్ని పెద్దకర్మ ఖర్చుల కోసం రాజయ్య గారి చేతికి ఇవ్వాలనుకుంటున్నాము. దయచేసి కాదనవద్దు. మోటారు బాగుచేసిన నాడు ఆయన మా దగ్గర తీసుకోలేదు, ఈ రోజు మమ్మల్ని ఇవ్వనివ్వండి.

28వ తేదీ బుధవారం పెద్దకర్మకు నేను, పిల్లల తరగతి ఉపాధ్యాయులు ఇద్దరు, శ్రావణి స్నేహితురాళ్లు కొందరు ఉదయం పది గంటలకల్లా మీ ఇంటికి వస్తాము. మా కోసం ప్రత్యేకంగా ఏ ఏర్పాటూ చేయవద్దు. పిల్లలు ఆ మరుసటి రోజు నుంచే బడికి రావాలన్న నియమం ఏదీ లేదు. ఎప్పుడు పంపగలరో ఆ రోజు మాట్లాడుకుందాము.

మల్లేశం గారి ఆత్మకు శాంతి కలగాలని, ఈ కష్టాన్ని తట్టుకునే ధైర్యం మీ అందరికీ కలగాలని మా పాఠశాల కుటుంబమంతా ప్రార్థిస్తున్నాము.

మీ దుఃఖంలో పాలుపంచుకుంటూ,

వి. సుజాత
ప్రిన్సిపాల్