"ఎన్ని సీటీలు?" ఛానల్ ఇంట్రో, డిస్క్రిప్షన్

ప్రతి వీడియో మొదట్లో

(కుక్కర్ విజిల్ సౌండ్. లోపలి గదిలోంచి అత్తయ్య గొంతు)

"ఎన్ని సీటీలయినయ్ బిడ్డా?"

"అయ్యో లెక్కపెట్టలేదత్తయ్యా!"

(కెమెరా వైపు తిరిగి) హాయ్ అండీ, అందరూ తిన్నారా? ఇది మన "ఎన్ని సీటీలు?" ఛానల్. ఇక్కడ వండేది మా అత్తయ్య, తూచేది నేను, గిన్నెలు తోమేది మా ఆయన. రండి, పొయ్యి వెలిగించేద్దాం.

మొదటి వీడియోలో మాత్రం ఇంకొంచెం

హాయ్ అండీ. ఫస్ట్ వీడియో కదా, చేతులు వణుకుతున్నాయి, ఫోన్ పప్పు డబ్బాకి ఆనించి పెట్టాను, మధ్యలో జారితే ఏమనుకోకండి.

మాది బొబ్బిలి దగ్గర ఊరు. పెళ్లయి హనుమకొండ కోడలినయ్యాను, ఇప్పుడు ఉండేది ఉప్పల్లో. పోయిన సంక్రాంతి నుంచి అత్తయ్య కూడా మాతోనే ఉంటున్నారు. వచ్చిన మొదటి వారమే ఒక గొడవైంది, గొడవంటే గొడవ కాదులెండి, నేను మార్కెట్ కి వెళ్తుంటే "పుంటికూర తే బిడ్డా" అన్నారు, నేను ఆ పేరు చెప్పి అడిగితే ఆకుకూరలమ్మాయి కట్ట చేతిలో పెట్టింది, చూస్తే గోంగూర! అరె ఇది మనదే కదా అనుకున్నా. తర్వాత ఒక్కొక్కటీ బయటపడ్డాయి, మా అమ్మ చోళ్ళు అంటే అత్తయ్య తైదలు అంటారు, మేం బంగాళాదుంప అంటే ఆలుగడ్డ, మేం మజ్జిగ అంటే సల్ల, ఇక విజిల్ ని సీటీ అంటారని మీకు ఇందాకే తెలిసిపోయింది. ఛానల్ పేరు అలా వచ్చిందే. ఎవరింట్లో అయినా కుక్కర్ పెట్టాక ఒకరు పక్కగదిలోంచి అరిచి అడుగుతారు, స్టవ్ పక్కనే ఉన్నవాళ్లకి మాత్రం తెలీదు, ఇంకోటి రానిద్దాంలే అంటారు, పప్పు గుజ్జయిపోతుంది.

సరే, ఇన్ని వంటల ఛానల్స్ ఉండగా మళ్లీ ఇదెందుకూ అంటారా. నాకు వంట పెద్దగా రాదండీ, నిజంగా. వీడియోలు చూసే నేర్చుకున్నా. వాటిలో నాకు ఒళ్లు మండే మాట ఒకటే, "ఉప్పు తగినంత". ఎంత తగినంత? తెలిస్తే నేను నీ వీడియో ఎందుకు చూస్తానమ్మా! పోనీ ఇంట్లో మనిషినే అడుగుదామంటే అత్తయ్య "అందాజగ ఎయ్యి" అంటారు. మా అమ్మకి ఫోన్ చేస్తే "ఏటే, కంటికి తెలీదేటి?" అంటాది. తెలీదమ్మా, అందుకే కదా ఫోన్ చేశాను.

అందుకని ఒక చిన్న తూకం మెషిన్ కొన్నాను. అత్తయ్య గుప్పెడు పల్లీలు తీస్తే వెంటనే చేతి కింద గిన్నె పెట్టి తూచేస్తున్నా. ఆవిడ గుప్పెడు 38 గ్రాములు వచ్చింది, అదే నేను తీస్తే 25. మరి "గుప్పెడు పల్లీలు" అని రాసుకుని చేస్తే ఆ రుచి నాకెక్కడొస్తుంది చెప్పండి! ఆవిడకి మొదట్లో నచ్చలేదు, "గింజలు లెక్కపెట్టుకుంట తింటరా ఎవరన్నా" అని తిట్టారు, ఇప్పుడు ఆవిడే "ఆగు, తూచలే" అంటున్నారు.

ఇవ్వాళ సర్వపిండి. సర్వలో వత్తి కాలుస్తరు కాబట్టి సర్వపిండి అంటారు అత్తయ్య, కొందరు గిన్నప్ప అంటారట, తపాలచెక్క అని కూడా అంటారు. మీ ఇంట్లో ఏమంటారో కింద రాయండి, పేర్ల మీద మాత్రం కొట్టుకోవద్దు ప్లీజ్. రండి అత్తయ్యా, ఇటు నిలబడండి. కెమెరా వైపు చూడక్కర్లేదు, పిండి వైపు చూడండి చాలు.

ఛానల్ డిస్క్రిప్షన్

ఓరుగల్లు అత్తయ్య, బొబ్బిలి కోడలు, ఉప్పల్లో ఒకటే వంటిల్లు. సర్వపిండి, పచ్చిపులుసు, సకినాలు, పుంటికూర పప్పు అటువైపు నుంచి, బెల్లం ఆవకాయ, చోడి అంబలి, ఆవ పెట్టిన కూరలు ఇటువైపు నుంచి. మామూలు రోజు మామూలు ఇంట్లో వండుకునేవే, హోటల్ స్టైల్ లు, ధాబా స్టైల్ లు మాకు రావు.

ఈ ఛానల్లో "తగినంత" అనే మాట వినపడదు. గ్లాసు అంటే 200 ఎంఎల్ స్టీలు గ్లాసు, స్పూన్ అంటే 5 ఎంఎల్ టీ స్పూన్, గుప్పెడు అంటే తూచి గ్రాముల్లో చెప్తాం. ఎన్ని సీటీలో కూడా లెక్కపెట్టే చెప్తాం. మాడితే మాడిందని చూపిస్తాం, కట్ చెయ్యం.

ప్రతి బుధవారం పొద్దున ఒక వీడియో, ఆదివారం వీలైతే ఇంకోటి (పిల్లాడికి పరీక్షలుంటే ఉండదు, ముందే చెప్తున్నా). హాస్టల్లో ఉన్నవాళ్లు, కొత్తగా పెళ్లయినవాళ్లు, అమెరికాలో కూర్చుని అమ్మకి వాట్సాప్ లో "ఎంత ఉప్పు" అని అడిగేవాళ్లు, మీ కోసమే ఇది. సబ్‌స్క్రయిబ్ చేసుకోండి, అత్తయ్య రోజూ పొద్దున్నే లెక్క చూసుకుంటున్నారు.

మొదటి వీడియో కింద

సర్వపిండి, 4 వస్తాయి, నలుగురికి సాయంత్రం తినడానికి సరిపోతుంది, మా ఇంట్లో అయితే ఇద్దరికే.

బియ్యప్పిండి 2 గ్లాసులు, పల్లీలు 38 గ్రాములు (వేయించి పొట్టు తీసి కచ్చాపచ్చాగా దంచినవి), గంటసేపు నానబెట్టిన శనగపప్పు 2 స్పూన్లు, నువ్వులు 2 స్పూన్లు, కారం స్పూనున్నర, ఉప్పు ఒక స్పూన్, జీలకర్ర అర స్పూన్, సన్నగా తరిగిన ఉల్లికాడలు అర గ్లాసు, కరివేపాకు 2 రెబ్బలు తుంచి వెయ్యండి. నీళ్లు గోరువెచ్చగా ఒక గ్లాసు పక్కన పెట్టుకోండి కానీ అంతా ఒకేసారి పోసెయ్యకండి, పిండిని బట్టి ఒక్కోసారి తక్కువే పడుతుంది. రొట్టె పిండి కంటే కొంచెం మెత్తగా ఉండాలి, ముద్ద చేస్తే అంచులు పగలకూడదు.

అడుగు మందంగా ఉన్న గిన్నె గానీ మూకుడు గానీ తీసుకుని చల్లగా ఉండగానే నూనె రాసి ముద్ద పెట్టి తడిచేత్తో పల్చగా వత్తెయ్యండి. వేలితో అక్కడక్కడ చిల్లులు పెట్టి ఒక్కో చిల్లులో రెండు చుక్కల నూనె. అప్పుడు స్టవ్ మీద పెట్టి మూత పెట్టి సన్న మంట మీద 8 నుంచి 10 నిమిషాలు. తిప్పక్కర్లేదు, ఒకవైపే కాలాలి, కింద కరకర పైన మెత్తన, అదే దాని అందం.

నేను చేసిన తప్పు చెప్తా, మొదటిది దింపగానే అదే వేడి గిన్నెలో రెండోది వత్తబోయి వేళ్లు కాల్చుకున్నా, పిండి కూడా గిన్నెకి పట్టుకుని రాలేదు. గిన్నె పూర్తిగా చల్లారాలి, అంత ఓపిక లేకపోతే రెండు గిన్నెలు మార్చి మార్చి వాడండి. అత్తయ్య చిన్నప్పటి నుంచీ అలాగే చేస్తున్నారట, నా వేళ్లు కాలాక చెప్పారు.

వచ్చే బుధవారం పచ్చిపులుసు. చింతపండు నానబెట్టడం తప్ప పొయ్యి మీద ఏమీ మరిగించరు అంటే మా అమ్మ ఇంకా నమ్మట్లేదు. "మరగకపోతే అది పులుసేటే?" అంటోంది. ఆవిడ కోసమైనా ఆ వీడియో చెయ్యాలి.

#ఎన్నిసీటీలు #సర్వపిండి #అత్తయ్యవంట #తగినంతవద్దు