అగ్నిప్రమాద క్లెయిము: సర్వేయరుకు ఇవ్వాల్సిన పత్రాలు (చిక్‌పేట, బెంగళూరు, చీరల గోదాము)

ప్రమాదం: మార్చి 14 రాత్రి. ఫైలు మా ఆఫీసుకు చేరాల్సింది: మార్చి 27. సర్వేయరు చూసేదాకా కాలిన సరుకు బయట పడేయకండి. మసి పట్టినవి, తడిసినవి, సగం కాలినవి వేర్వేరుగా పెట్టి ఫొటోలు తీయించండి.

1. సంతకం, సీలు వేసిన క్లెయిము ఫారం, పాలసీ కాపీ, అద్దె ఒప్పందం, క్యాన్సిల్ చేసిన చెక్కు. సరుకు మీద బ్యాంకు లోను ఉంది కాబట్టి బ్యాంకు లెటరు కూడా.

2. అగ్నిమాపక శాఖ రిపోర్టు. ఫోను అందిన టైము, బండి వచ్చిన టైము, కారణం, అంతస్తు ఉండాలి. పాలసీలో "రెండో అంతస్తు" అని ఉంది. రిపోర్టులో వేరే అంతస్తు పడితే వెంటనే దిద్దించండి, తర్వాత చాలా తిప్పుతారు. రిపోర్టు ఆలస్యమైతే దరఖాస్తు, రసీదు ఇప్పుడే ఇవ్వండి. రిపోర్టులో రాసే నష్టం మొత్తం కంటి అంచనా మాత్రమే. అది మీ లెక్కకు తక్కువగా ఉంటే ఎందుకో ఒక పేజీలో రాసి జతచేయండి.

3. పోలీసు స్టేషనుకు ఇచ్చిన సమాచార పత్రం, దాని మీద సీలు, తేదీ ఉన్న ఎండార్స్‌మెంటు. కన్నడలో ఉంటే అలాగే ఇవ్వండి.

4. స్టాకు పుస్తకాలు. క్లెయిముల్లో ఎక్కువగా కోత పడేది ఇక్కడే. ఏప్రిల్ 1 నుంచి కొనుగోలు బిల్లులు, అమ్మకపు బిల్లులు, స్టాకు రిజిస్టరు, జీఎస్టీఆర్-1, 3బీ, బ్యాంకుకు నెలనెలా ఇచ్చిన స్టాకు స్టేట్‌మెంట్లు, ఆడిట్ అయిన గత సంవత్సరం లెక్కలు. మీ చిట్టా తెలుగులో ఉంది. ఒరిజినల్‌ను ముట్టుకోకుండా పక్కన ఇంగ్లీషు షీటు తయారుచేసి ఆడిటరు సంతకం పెట్టించండి.

మీ లెక్క, జీఎస్టీ లేకుండా: తొలి నిల్వ 61.40 లక్షలు, కొనుగోళ్లు 218 లక్షలు, అమ్మకాలు 234 లక్షలు. లాభం 18 శాతం తీస్తే అమ్మిన సరుకు ఖరీదు 191.88 లక్షలు, ఉండాల్సిన నిల్వ 87.52 లక్షలు. బ్యాంకుకు ఇచ్చిన స్టేట్‌మెంటులో 95 లక్షలుంది. లోను పరిమితి కోసం పెంచి రాశారా అని సర్వేయరు తప్పక అడుగుతారు. సమాధానం ముందే రాసుకోండి.

బీమా 80 లక్షలకే. నిల్వకన్నా సుమారు 8.6 శాతం తక్కువ. మీది భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్షా పాలసీ కాబట్టి 15 శాతం దాకా లోటుకు కోత ఉండదు. బ్యాంకు అంకె 95 నిజమని తేలితే లోటు 15.8 శాతం అవుతుంది, అప్పుడు కోత పడుతుంది!

కాలిన సరుకు మీద తీసుకున్న ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్ వెనక్కి కట్టాలి. ఆ వివరం ఆడిటరుతో రాయించండి.

5. మరమ్మతు ఎస్టిమేట్లు. షట్టరు, ర్యాకులు, సీలింగు, వైరింగు విడివిడిగా, కొలత, సంఖ్య, రేటు, జీఎస్టీతో. "మొత్తం పనులు" అని ఒకే అంకె వేస్తే తిరిగి వస్తుంది. పాత షట్టరు స్థానంలో మోటారు షట్టరు పెట్టిస్తే తేడా మీదే. మంటలు మొదలైన స్విచ్‌బోర్డును వేరే వరుసలో చూపించండి. షార్ట్ సర్క్యూట్ అయిన ఆ వస్తువుకు మాత్రం పాలసీ ఇవ్వదు, దానివల్ల కాలిన మిగతావాటికి ఇస్తుంది. గోడలు, కప్పు ఓనరువి. వాటిని మీ ఎస్టిమేటులో కలపొద్దు.