బాల్కనీలో అమ్మమ్మ చీర

ఫోటోలో దండెం మీద, మా ఆయన ఆఫీసు చొక్కాల మధ్య ఆరుతున్నది అమ్మమ్మ పాత నేత చీర. రాజమండ్రి నుంచి పార్సిల్లో వచ్చింది. కొంగు దగ్గర చిరిగినంత మేర కత్తిరించేసి, మిగిలినదాన్ని నాలుగు మడతలు వేసి, చుట్టూ పెద్ద పెద్ద కుట్లు వేసింది. సగంలో నీలం దారం అయిపోయినట్టుంది, మిగతాది ఎర్ర దారంతో కానిచ్చేసింది. ఎనభై దాటిన చెయ్యి కదా, కుట్టు ఒక్కటీ తిన్నగా లేదు. ఇలాంటివి ఇంకా పంపిస్తుందట. "కొత్త బట్ట ఒరుసుకుంటుందే, ఉతికి ఉతికి మెత్తబడ్డదే మంచిది" అంది. ఎవరికి ఒరుసుకుంటుందో అమ్మమ్మ చెప్పలేదు. మేమూ చెప్పట్లేదు.

చాలామంది అడుగుతున్నారు, ఈమధ్య కనిపించట్లేదేంటి, ఫోన్లు ఎత్తట్లేదేంటి అని. ఏం లేదు, తొమ్మిదింటికే నిద్ర ముంచుకొస్తోంది. పైగా నాకు కాఫీ పడట్లేదు. అవును, నాకే! డికాక్షన్ దిగే వాసన వస్తే చాలు, బాల్కనీలోకి పరుగు. పాపం మా ఆయన ఇప్పుడు కింద దర్శినికి వెళ్ళి నిలబడి తాగొస్తున్నాడు, వచ్చాక నోరు పుక్కిలిస్తే తప్ప దగ్గరికి రానివ్వను. దానికి బదులు పుల్ల మామిడికాయ, ఉప్పూకారం. ఈ సీజన్‌లో ఆవకాయకని తెచ్చిన కాయల్లో సగం జాడీదాకా చేరనే లేదు.

మొదట కనిపెట్టింది పై ఇంటి ఆంటీ. లిఫ్టులో నా సంచిలోని మామిడికాయల వంక చూసి, నా మొహం వంక చూసి, "ఎష్టు తింగళాయ్తు?" అన్నారు. నవ్వేసి ఊరుకున్నాను. సాయంత్రానికల్లా గిన్నెడు మావినకాయి చిత్రాన్నం పంపించారు. కన్నడ రానివాళ్ళు పక్కవాళ్ళని అడిగి తెలుసుకోండి.

మా ఆయన సంగతి వేరే చెప్పాలి. మారతహళ్ళి నుంచి ఇంటిదాకా ఏ గుంత ఎక్కడుందో ఇప్పుడు ఆయనకి కంఠతా వచ్చు. కారు ఎంత మెల్లగా నడుపుతున్నాడంటే, మొన్న ఒక ఆటో అన్న పక్కకొచ్చి, అద్దం దించమని సైగ చేసి, "ఏనాయ్తు సార్, బండి ట్రబులా?" అని అడిగాడు. నా స్కూటర్ తాళాలు ఎక్కడ దాచాడో ఇంతవరకు దొరకలేదు. రెండో బెడ్రూమ్‌లోంచి మానిటర్, టేబుల్ హాల్లోకొచ్చేశాయి. ఆ గది గోడలకి లేత పసుపు రంగు వేయించాడు. ఎందుకని ఓనర్ అడిగితే "వెలుతురు కోసం" అన్నాడట. అబద్ధం కాదు.

ఆన్‌లైన్ కార్ట్ నిండిపోయింది కానీ ఆర్డర్ పెట్టట్లేదు. ముందుగా ఏమీ కొనొద్దని అమ్మ ఆర్డర్. ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పొద్దన్నదీ తనే. మొన్ననే మనసు మార్చుకుని "ఇంక పర్లేదులే, కానీ దిష్టి తీయించుకో" అంది. నిన్న ఫోన్లో గాజుల సైజు అడిగింది, రెండు నాలుగా, రెండు ఆరా అని. చేతులు కొంచెం ఉబ్బుతాయి కాబట్టి ఒక సైజు పెద్దదే తీసుకుంటానని తనే తేల్చేసింది. చలిమిడికి బియ్యం ఎవరు దంచాలో పెద్దమ్మతో మాట్లాడుతోంది. ప్రశాంతి ఎక్స్‌ప్రెస్‌కి టికెట్లు కూడా ఈపాటికే తీసేసేదే, రిజర్వేషన్ 60 రోజుల ముందు నుంచే ఇస్తున్నారు కాబట్టి సెప్టెంబర్ దాకా ఆగక తప్పట్లేదు.

అందువల్ల దీపావళికి మేం ఊరు రావట్లేదు. కార్తీకంలో బసవనగుడి కడలెకాయి పరిషెకి కూడా ఈసారి నాగా. ఆ జనంలో దూరే ఓపిక అప్పటికి ఉండదు, పైగా ఆ రోజుల్లో ఇంటికి, ఆస్పత్రికి దగ్గర్లోనే ఉండమని డాక్టరమ్మ గట్టిగా చెప్పారు. వేరుశనక్కాయలు ఎవరైనా తెచ్చిస్తే ఉడకబెట్టుకుని తింటాను.

పేర్లు పంపాలనుకునేవాళ్ళు మామయ్యగారికి పంపండి, ఆయన ఇప్పటికే ఒక నోట్‌బుక్ పెట్టారు. నక్షత్రం తెలిసేదాకా ఏదీ ఖరారు కాదని మొదటి పేజీలోనే రాసుకున్నారు. ఒక్క ప్రశ్న మాత్రం మమ్మల్ని అడగొద్దు. అది ముందుగా చెప్పడం 1994 చట్టం ప్రకారం నేరం, ఆస్పత్రి గోడ మీద పెద్ద బోర్డే ఉంది. మాకు ఏదైనా ఒకటే.

డిసెంబర్ దాటాక మీరే రండి. చెప్పులు బయట, చేతులు కడుక్కుని లోపలికి. బెల్ మాత్రం కొట్టకండి, కింద నుంచే ఫోన్ చేస్తే మా ఆయన వచ్చి తీసుకొస్తాడు.