దుకాణాల బిల్లింగ్ సాఫ్ట్‌వేర్: వార్షిక చందా నిబంధనలు

చందా ఏటా ఏప్రిల్ 1న దానంతట అదే పునరుద్ధరణ అవుతుంది. రూ. 6,000, దానిపై జీఎస్టీ మీ ఖాతా నుంచి తీసుకుంటాం. 30 రోజుల ముందు, మళ్లీ కనీసం 24 గంటల ముందు ఎస్సెమ్మెస్ పంపుతాం. మార్చి 31లోగా రద్దు చేసుకోవచ్చు, కారణం అడగం.

గడువు మధ్యలో ధర పెంచం. కొత్త ధరను 60 రోజుల ముందే తెలిపి, తర్వాతి ఏడాదికే వర్తింపజేస్తాం.

చట్టం కోరిన మార్పులు మినహా, మేము ఏకపక్షంగా మార్చిన నిబంధన నచ్చకపోతే 30 రోజుల్లో వైదొలగండి. మిగిలిన నెలల సొమ్ము వాపసు ఇస్తాం.

వెళ్లిపోయినా లెక్కలు మీవే. బిల్లులు, సరుకు నిల్వలు, ఖాతాదారుల బాకీల పట్టికలను 90 రోజుల వరకు CSV ఫైళ్లుగా ఉచితంగా దించుకోవచ్చు. మాకు బకాయి ఉన్నారన్న కారణంతో ఆపం. జీఎస్టీ లెక్కలను వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు మీరే భద్రపరచాలి. అందుకే ఆ ఫైళ్లు తెరిచి సరిచూసుకోండి. 90 రోజుల తర్వాత మా సర్వర్ల నుంచి శాశ్వతంగా తొలగిస్తాం.