2026-27, 2027-28 విద్యా సంవత్సరాల ఫీజుల గురించి తల్లిదండ్రులకు విన్నపం

సిరొంచ, 9 ఫిబ్రవరి 2026

గౌరవనీయులైన తల్లిదండ్రులకు, పిల్లలను చూసుకుంటున్న తాతయ్యలకు, నానమ్మలకు, అమ్మమ్మలకు నమస్కారం.

ఫిబ్రవరి 2న పిల్లల డైరీలో అంటించి పంపిన ఫీజుల నోటీసును వెనక్కి తీసుకుంటున్నాం. ఇకనుంచి ఈ కాగితాన్నే లెక్కలోకి తీసుకోండి. ఆ నోటీసులో నాలుగే వాక్యాలున్నాయి, అవీ ఇంగ్లీషులో. ఫీజు పెరిగిందని, గడువులోగా కట్టకపోతే పిల్లలను తరగతిలోకి రానివ్వమని అందులో రాశాం. ఎంత పెరిగిందో, ఎందుకు పెరిగిందో రాయలేదు. మరునాడు ఒక తల్లి ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, కొంగున కట్టుకుని ఆఫీసుకు వచ్చారు. "మేడం, దీంట్ల ఏమున్నదో మా చిన్నోడే చదివి చెప్పిండు. చెప్పుకుంట చెప్పుకుంట వాడే ఏడ్చిండు" అన్నారు. ఆ మాట విన్నాక ఆ నోటీసు అలాగే ఉండకూడదని అనుకున్నాను. ఫీజు పెద్దవాళ్ల మధ్య విషయం. దాన్ని పిల్లల చేతికిచ్చి పంపడం, అందులో బెదిరింపులాంటి మాట రాయడం మా తప్పు. దానికి సంతకం పెట్టింది నేనే కాబట్టి మీ అందరికీ క్షమాపణ చెబుతున్నాను.

ఈసారి మూసిన కవరులో, తెలుగులోను మరాఠీలోను పంపుతున్నాం. చదువు రానివాళ్లు ఉంటే పిల్లల చేత చదివించనక్కర్లేదు. క్లాసు టీచరు దగ్గరకు వస్తే పక్కన కూర్చోబెట్టుకుని చదివి వినిపిస్తారు.

ముందు అసలు సంగతి. జూన్ చివరి వారంలో మొదలయ్యే కొత్త విద్యా సంవత్సరం నుంచి ఏడాది ఫీజు ఇలా ఉంటుంది:

నర్సరీ నుంచి యూకేజీ వరకు: ఇప్పుడు 11,000 రూపాయలు, ఇకపై 12,000 (పెంపు 1,000)
1 నుంచి 5వ తరగతి: ఇప్పుడు 13,500, ఇకపై 14,800 (పెంపు 1,300)
6 నుంచి 8వ తరగతి: ఇప్పుడు 16,000, ఇకపై 17,600 (పెంపు 1,600)
9, 10 తరగతులు: ఇప్పుడు 18,500, ఇకపై 20,400 (పెంపు 1,900)

శాతంలో చెప్పాలంటే 9కి, 10న్నరకి మధ్య. నెలకు చూస్తే చిన్న మొత్తమే కదా అని మేం అనం. కైకిలికి పోయే ఇంట్లో 1,300 రూపాయలంటే ఎండలో ఎన్ని రోజులు మిర్చి ఏరాలో మీకు తెలుసు. ఇద్దరు పిల్లలుంటే ఆ బరువు రెండింతలు. అది తెలిసే అడుగుతున్నాం కాబట్టి ప్రతి రూపాయి ఎటు పోతుందో చెప్పాల్సిన బాధ్యత మాది.

ఫీజు కట్టే పిల్లలు 364 మంది. ఈ పెంపు వల్ల ఏడాదికి అదనంగా వచ్చేది 5,16,400 రూపాయలు. అందులో సగానికి పైగా, అంటే 2,62,200 రూపాయలు, 19 మంది టీచర్ల జీతాలకు పోతాయి. ఒక్కొక్కరికి సగటున నెలకు 1,150 పెరుగుతుంది. ఎనిమిదేళ్లుగా ఇక్కడే చిన్న పిల్లలకు అక్షరాలు దిద్దిస్తున్న టీచరమ్మకు ఈ నెల అందిన జీతం 12,200. ఆమె జీతం మూడేళ్లుగా పెరగలేదు, ఎందుకంటే మూడేళ్లుగా మేం ఫీజు పెంచలేదు. 2023-24లో ఖరారైన ఫీజే ఈ రోజు వరకు నడుస్తోంది.

జీతాలు పెంచకపోతే ఏమవుతుందో నిరుడు జూన్‌లో చూశాం. లెక్కల సారు మంచి జీతం దొరికిందని వంతెన దాటి మంచిర్యాల వైపు వెళ్లిపోయారు. ఆయన్ను తప్పుపట్టలేం, ఆయనకూ ఇల్లుంది. జూలై నుంచి అక్టోబరు దాకా 9వ తరగతికి లెక్కలు చెప్పడానికి పూర్తికాలం టీచరు లేరు. సైన్సు టీచరు, నేను తలా కొన్ని పీరియడ్లు పంచుకుని నెట్టుకొచ్చాం. ఆ తరగతిలో 31 మంది ఉంటే, యూనిట్ పరీక్షలో 14 మందికి లెక్కల్లో పాస్ మార్కులు రాలేదు. వాళ్లు ఈ జూన్‌లో పదికి వస్తారు. పాత సారుకు ఇచ్చిన 13,500కి ఎవరూ రాకపోతే నవంబరులో 18,000 ఇచ్చి కొత్త టీచరును తెచ్చుకున్నాం. ఆ తేడా ఏడాదికి 54,000 రూపాయలు. ఆమె సాయంత్రం ఆ 14 మందికి విడిగా చెబుతున్నారు, దానికి వేరే ఫీజు లేదు.

ఇంకో 60,000 తెలుగు టీచరు కోసం. వారానికి మూడు రోజులు, 3 నుంచి 5వ తరగతి దాకా. దీన్ని అడిగింది మీరే. మహారాష్ట్రలో 2020 నాటి చట్టం ప్రకారం మరాఠీ తప్పనిసరి, అది బాగానే సాగుతోంది, సాగాలి కూడా. కానీ మన పిల్లలు ఇంట్లో మాట్లాడేది తెలుగు. అవతలి ఒడ్డున కాళేశ్వరంలో బోర్డు కనిపిస్తే చదవలేక పక్కవాళ్లను అడుగుతున్నారని తల్లిదండ్రుల సమావేశంలో ఒక తాతయ్య బాధపడ్డారు. నోటికి వచ్చిన భాష కంటికి రాకపోవడం నాకూ బాధే. ఈ ఖర్చు నా మనసుకు దగ్గరిది.

6, 7 తరగతుల గదుల పైకప్పు సంగతి ఆ పిల్లల తల్లిదండ్రులకు కొత్తగా చెప్పనక్కర్లేదు. వానపడితే బెంచీలు గోడవైపు జరుపుకుని, రెండో వరుసలో బకెట్ పెట్టి పాఠం చెబుతున్నాం. మరమ్మతుకు 1,62,000 అవుతుందని మేస్త్రీ లెక్క ఇచ్చారు. అందులో ఏడాదికి 54,000 చొప్పున రెండేళ్లు మీ ఫీజులోంచి, మిగతా 54,000 యాజమాన్యం సొంతంగా. వానాకాలం రాకముందే పని అయిపోవాలి కాబట్టి మే నెలలో కావాల్సిన డబ్బంతా యాజమాన్యమే ముందు పెడుతుంది. బోరు మోటారు, తాగునీటి ఫిల్టరు నిర్వహణకు 26,200. మిగిలిన 60,000 ఒక పక్కన పెడుతున్నాం. అది దేనికో కింద చెబుతాను.

ఈ అంకెలు మేం ఒక గదిలో కూర్చుని తేల్చినవి కావు. మహారాష్ట్ర విద్యాసంస్థల ఫీజు నియంత్రణ చట్టం, 2011 ప్రకారం తల్లిదండ్రులు, ఉపాధ్యాయుల సంఘం కార్యవర్గం ముందు ప్రతిపాదన పెట్టి, ఆమోదం తీసుకోవాలి. విద్యా సంవత్సరానికి ఆరు నెలల ముందే పెట్టాలి. డిసెంబరు 8న పెట్టాం. అప్పుడు మేం అడిగింది 8,10,000 రూపాయలు. చీటీ తీసి ఎన్నుకున్న తల్లిదండ్రుల సభ్యులు రెండుసార్లు కూర్చుని ఒక్కో పద్దునూ నిలదీశారు. స్మార్ట్ బోర్డులకు అడిగిన 2,30,000, గేటు కమానుకు అడిగిన 63,600 కొట్టేశారు. "కురిసే గదిల బోర్డు ఏం జేస్తది, ముందుగాల కప్పు చూడండి" అని ఒకరు అన్నారు. ఆ మాటకు మా దగ్గర జవాబు లేదు, న్యాయమైన మాట. జనవరి 3న ఇప్పుడు మీ చేతిలో ఉన్న అంకెలకు ఆమోదం దొరికింది. అప్పుడే మీకు చెప్పాల్సింది, నెల ఆలస్యం చేశాం.

ఒకసారి ఖరారైన ఫీజు రెండు విద్యా సంవత్సరాలు మారకూడదని ఆ చట్టంలోనే ఉంది. కాబట్టి 2027-28 పూర్తయ్యే దాకా ఇదే ఫీజు. మధ్యలో అభివృద్ధి నిధి అనో, ఇంకో పేరు పెట్టో ఏమీ అడగం. బస్సు ఫీజు మారదు. అంకీస, ఆసరెల్లి వైపు నుంచి వచ్చే పిల్లలకూ ఇప్పుడున్నదే. యూనిఫాం, నోటుపుస్తకాలు మీకు ఎక్కడ చవకగా దొరికితే అక్కడే కొనుక్కోండి. విద్యాహక్కు చట్టం కింద 25 శాతం సీట్లలో చేరిన 48 మంది పిల్లలకు ఈ పెంపుతో సంబంధం లేదు. వాళ్ల చదువు ఉచితమే.

కట్టే పద్ధతిని కూడా మార్చాం. ఇప్పటిదాకా జూన్‌లోనే సగం అడుగుతున్నాం. విత్తనాలు, ఎరువులు కొనే నెలలో చేతిలో ఉన్నదంతా నేలలోకి పోతుంది. ఆ నెలలో సగం ఫీజు అంటే అప్పు చేయించడమే. ఇకపై నాలుగు వాయిదాలు: జూలై 10కి ఐదో వంతు, అక్టోబరు 10కి ఇంకో ఐదో వంతు. వడ్ల, పత్తి పైసలు వచ్చాక జనవరి 20కి 30 శాతం, మిర్చి అమ్మాక మార్చి 31కి చివరి 30 శాతం. అంటే 6వ తరగతి పిల్లవాడికి 3,520, 3,520, 5,280, 5,280. తునికాకు పైసల మీద ఆధారపడిన ఇళ్లకు ఈ తేదీలు కుదరకపోతే ఆఫీసులో చెప్పండి, మీకు వీలైన తేదీలు రాసుకుంటాం. ఆలస్య రుసుము తీసేశాం.

అయినా కట్టలేని ఇళ్లుంటాయి. పంట పోయినవాళ్లు, ఇంట్లో జబ్బు చేసినవాళ్లు, ఒంటరిగా పిల్లలను పెంచుతున్న తల్లులు, ముగ్గురు పిల్లల ఫీజు ఒక్కసారే కట్టాల్సినవాళ్లు. 2022 జూలై గోదావరి వరదలప్పుడు సిరొంచ చుట్టుపక్కల ఊళ్లు ఎలా ఉన్నాయో మనందరం చూశాం. పక్కన పెట్టిన 60,000 అలాంటి ఇళ్ల కోసం. ఏప్రిల్ 15లోగా తెల్లకాగితం మీద మూడు ముక్కలు రాసి ఇస్తే చాలు. రాయడం రాకపోతే నోటితో చెప్పండి, మేం రాసుకుంటాం. ఆ కాగితాలను నేను, కార్యవర్గంలోని ఇద్దరు తల్లులు మాత్రమే చూస్తాం. ఎవరికి రాయితీ వచ్చిందో టీచర్లకు గానీ పిల్లలకు గానీ తెలియనివ్వం. ఏప్రిల్ తర్వాత కష్టం వచ్చినా రండి.

ఫీజు బాకీ ఉందని ఏ పిల్లనూ, ఏ పిల్లవాడినీ తరగతి బయట నిలబెట్టం. పరీక్ష రాయనివ్వకుండా ఆపం. తోటి పిల్లల ముందు పేరు పిలిచి అడగం. ఎవరైనా అలా చేస్తే ఆ రోజే నాకు చెప్పండి.

శివరాత్రికి కాళేశ్వరం జాతర నుంచి అందరూ తిరిగి వచ్చాక, ఫిబ్రవరి 21 శనివారం సాయంత్రం 4 గంటలకు బడిలో కూర్చుని మాట్లాడుకుందాం. మిర్చి చేలల్లో పని వల్ల ఆ రోజు రాలేనివాళ్ల కోసం 22 ఆదివారం ఉదయం 8 గంటలకు మళ్లీ కూర్చుంటాం. నిరుటి జమాఖర్చుల పుస్తకం, జీతాల లెక్క, మేస్త్రీ ఇచ్చిన లెక్క, కార్యవర్గం తీర్మానం బల్ల మీద ఉంటాయి. ఎవరైనా తిప్పి చూడొచ్చు, ఫోటో తీసుకోవచ్చు. అప్పటికీ ఈ పెంపు న్యాయం కాదనిపిస్తే, 25 శాతం తల్లిదండ్రులు కలిసి డివిజన్ స్థాయి ఫీజు నియంత్రణ సమితికి వెళ్లే హక్కు మీకుంది. దరఖాస్తుకు కావాల్సిన కాగితాల నకళ్లు మేమే ఉచితంగా ఇస్తాం. అలా వెళ్లారని మీ పిల్లల పట్ల మా తీరు వెంట్రుకవాసి కూడా మారదు.

ఈ కాగితం కింద సంతకం పెట్టి పంపనక్కర్లేదు. ఫిబ్రవరి 2 నాటి నోటీసు మీద ఎవరైనా సంతకం పెట్టి ఇచ్చి ఉంటే అది చెల్లదు, ఆ కాగితాలన్నీ చించేశాం. ఆ నోటీసు చూసి భయపడి అప్పు తెచ్చి ముందే కట్టినవాళ్లు నలుగురున్నారు. వాళ్ల డబ్బు ఆఫీసులో విడిగా ఉంచాం. ఎప్పుడైనా వచ్చి వెనక్కి తీసుకోవచ్చు, లేదా జూలై వాయిదా కింద జమ చేయించుకోవచ్చు.

ఆఫీసు ఫోను నంబరు పిల్లల డైరీ మొదటి పేజీలో ఉంది. బడి ఉన్న రోజుల్లో మధ్యాహ్నం 3 నుంచి 5 దాకా నేను ఆఫీసులోనే ఉంటాను.

ఇట్లు,
మీ పిల్లల బడి ప్రధానోపాధ్యాయురాలు,
యాజమాన్యం తరఫున