ఆఫర్ లెటర్ ఇంకా రాలేదు మేడమ్, ఒక్కసారి చూడగలరా

నమస్తే మేడమ్, వైజాగ్ నుంచి సీనియర్ జావా డెవలపర్ పోస్టుకి ఇంటర్వ్యూ ఇచ్చానండి, జూలై 3న మీరే ఫోన్ చేసి సెలెక్ట్ అయ్యానని చెప్పారు. ఆ రోజు మాట్లాడుకున్నవి మీకు గుర్తుండటానికి మళ్ళీ రాస్తున్నా, ఫిక్స్‌డ్ 14 లక్షలు, వేరియబుల్ లక్షన్నర, గచ్చిబౌలి ఆఫీసు, వారంలో మూడు రోజులు ఆఫీసుకి రావాలి, జాయినింగ్ సెప్టెంబర్ 15. ఇందులో నేను ఏదైనా తప్పుగా విన్నా, తర్వాత ఏమైనా మారినా చెప్పండి.

సోమవారానికల్లా లెటర్ మెయిల్‌కి వస్తుందన్నారు, ఇవాళ 21 వచ్చేసింది, ఇంకా ఏమీ రాలేదండి. స్పామ్ కూడా చూశాను. పేస్లిప్పులు, ఫామ్ 16, యూఏఎన్ నంబర్, డిగ్రీ సర్టిఫికెట్ అన్నీ మీరు అడిగిన రోజే పంపాను, అందులో ఏదైనా సరిగ్గా ఓపెన్ అవ్వకపోతే చెప్పండి వెంటనే మళ్ళీ పంపిస్తా.

మీ మాట మీద నమ్మకం లేక అడగట్లేదు మేడమ్. చేతిలో లెటర్ లేకుండా ఇక్కడ రిజైన్ చెయ్యలేను, నాకు నోటీసు పీరియడ్ 60 రోజులు, ఇవాళ పేపర్లు పెట్టినా సెప్టెంబర్ 19 దాకా రిలీవ్ చెయ్యరు, అంటే 15న జాయిన్ అవ్వడం ఇప్పటికే కుదరదు, లెటర్ ఎన్ని రోజులు లేటయితే అన్ని రోజులు జాయినింగ్ కూడా వెనక్కి వెళ్తుంది. అందుకని లెటర్‌లో డేట్ కొంచెం వెనక్కి జరిపి, లెటర్ వచ్చిన రోజు నుంచి 65 రోజులు అలా ఇస్తే బాగుంటుంది. మీకు తొందరగా కావాలంటే నోటీసు బయౌట్ మీ కంపెనీ కడుతుందా అనేది కూడా చెప్పండి, నేను ఇక్కడ అడిగి చూస్తా.

ఇంకొకటి, మా మేనేజర్ గారు ఆగస్టు నుంచి నన్ను కొత్త క్లయింట్ ప్రాజెక్టులో లీడ్‌గా వేస్తానంటున్నారు. సరే అని ఒప్పుకుని రెండు వారాలకే పేపర్లు పెడితే ఆ టీమ్ మొత్తం ఇబ్బంది పడుతుంది, నాకది అస్సలు ఇష్టం లేదు, ఈ నెలాఖరులోపు ఆయనకి అవునో కాదో చెప్పాలి. ఇంట్లో కూడా పాపని హైదరాబాద్‌లో స్కూల్లో వెయ్యాలి, క్లాసులు మొదలైపోయాయి, ఇప్పుడు సీటు దొరకడమే కష్టం, డేట్ తేలితేగానీ ఎక్కడా అడగలేకపోతున్నాం.

లెటర్ ఇప్పుడు ఎక్కడ ఆగిందో చెప్పండి చాలు, ఫైనాన్స్ అప్రూవల్ దగ్గరా, లేకపోతే బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ అయ్యాకే ఇస్తారా. ఒకవేళ పొజిషన్ హోల్డ్‌లో పడినా ఆ మాటే చెప్పండి మేడమ్, నేనేం అనుకోను, ఇక్కడ ప్రాజెక్టుకి ఒప్పుకుంటాను. నాకైతే మీ టీమ్‌తో చెయ్యాలనే ఉంది, టెక్నికల్ రౌండులో ఆ పేమెంట్స్ సిస్టమ్ గురించి మాట్లాడినప్పటి నుంచి మనసంతా అక్కడే ఉంది.

శుక్రవారంలోపు లెటర్ గానీ, కనీసం జీతం, హోదా, డేట్ రాసి కంపెనీ మెయిల్ నుంచి ఒక కన్ఫర్మేషన్ గానీ పంపగలరా? కన్ఫర్మేషన్ వస్తే ప్రాజెక్టు విషయం మేనేజర్ గారితో మాట్లాడేస్తా, పేపర్లు మాత్రం లెటర్ వచ్చాకే పెడతాను. ఫోన్ అయితే పొద్దున తొమ్మిదిన్నర లోపు గానీ సాయంత్రం ఏడు తర్వాత గానీ చెయ్యండి, మధ్యలో ఆఫీసులో మాట్లాడటం కుదరదండి.